"నేను నాలో లేనట్టుంది": అలసట ఎప్పుడు, గాయం ఎప్పుడు

(హనుమకొండలో జూనియర్ కళాశాలల అధ్యాపకులు, హాస్టల్ వార్డెన్ల సమావేశంలో ఒక మానసిక వైద్యురాలు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవారికి ఫ్యాన్ల చప్పుడులో వినిపించకపోతే చెయ్యెత్తండి, గొంతు పెంచుతాను.

ఈరోజు ఒకే ఒక్క విషయం మాట్లాడతాను. మీ దగ్గరికి ఒక విద్యార్థి వచ్చి, "మేడమ్, నేను నాలో లేనట్టుంది" అంటాడు. "అంతా కలలో నడుస్తున్నట్టుంది" అంటాడు. "మీరు చెబుతున్న పాఠం వినబడుతోంది, కానీ ఎక్కడో దూరం నుంచి వస్తున్నట్టుంది" అంటాడు. అప్పుడు మీరు ఏమి చేస్తారు? నాకు తెలిసినంతలో మామూలుగా జరిగేది చెబుతాను. చదువు తప్పించుకోవడానికి వేషాలు వేస్తున్నాడని కొందరు అనుకుంటారు. కళ్లకు అద్దాలు కావాలేమోనని కొందరు కంటి డాక్టరు దగ్గరికి పంపిస్తారు. మిగిలినవారు భయపడి ఇంటికి ఫోన్ చేసి, మీ పిల్లవాడిని తీసుకువెళ్లండి అంటారు. మూడింట్లో ఏది చేసినా అసలు అడగవలసిన ప్రశ్నలు అడగకుండానే ఉండిపోతాయి. ఆ ప్రశ్నలు ఏమిటో చెప్పడానికే వచ్చాను.

ముందు ఆ అనుభవం ఎలా ఉంటుందో చూద్దాం. ఇది రెండు రకాలుగా వస్తుంది. ఒకటి, తన మీద తనకే పరాయితనం. చెయ్యి కదులుతోంది, అది నా చెయ్యేనని తెలుసు, అయినా ఎవరిదో కదులుతున్నట్టు ఉంటుంది. అద్దంలో ముఖం నాదే, కానీ చూస్తూ ఉంటే ఎవరీ మనిషి అనిపిస్తుంది. నోట్లోంచి మాటలు వస్తున్నాయి, వాటిని నేను పలుకుతున్నట్టు లేదు. అమ్మ ఫోన్‌లో ఏడుస్తోంది, నాకు ఏడుపు రావాలి, రావడం లేదు. దీన్ని డీపర్సనలైజేషన్ అంటాం. రెండోది, చుట్టూ ఉన్న లోకం మీద పరాయితనం. రోజూ నడిచే దారే, ఇవాళే మొదటిసారి చూస్తున్నట్టు ఉంటుంది. మనుషులకూ నాకూ మధ్య గాజు పలక ఉన్నట్టు ఉంటుంది. రంగులు వెలిసిపోయినట్టు, దూరాలు తేడాగా ఉన్నట్టు, సినిమా సెట్టింగులో నిలబడ్డట్టు ఉంటుంది. దీన్ని డీరియలైజేషన్ అంటాం. చాలాసార్లు రెండూ కలిసే వస్తాయి.

మామూలుగా మన ఒళ్లు, మన భావం, మన జ్ఞాపకం, 'నేను' అన్న ఎరుక ఇవన్నీ కలిసి నడుస్తాయి. అవి విడివిడిగా నడవడం మొదలైతే దానికి మొత్తంగా డిసోసియేషన్ అని పేరు. ఇప్పుడు చెప్పిన రెండూ అందులోవే. కాసేపు ఏమి జరిగిందో గుర్తు లేకపోవడం, కళ్లు తెరిచే ఉన్నా మనిషి అక్కడ లేకపోవడం కూడా అందులోవే. ఈ తేడాను గుర్తు పెట్టుకోండి, కాసేపట్లో చాలా అవసరం అవుతుంది.

ఒక్క మాట గమనించండి. ఈ పిల్లలు ఎప్పుడూ 'ఉన్నట్టు', 'లేనట్టు' అంటారు. చెయ్యి నాది కాదు అనరు, నాది కానట్టుంది అంటారు. లోకం అబద్ధం అనరు, అబద్ధంలా ఉంది అంటారు. ఆ 'ట్టు' ఉన్నంతవరకు అది మతిభ్రమణం కాదు. నా చెయ్యిని నిజంగానే ఎవరో బయటి నుంచి కదిలిస్తున్నారు, నాకు వ్యతిరేకంగా కుట్ర జరుగుతోంది అని గట్టిగా నమ్మే మనిషిది వేరే జబ్బు, దానికి వైద్యం కూడా వేరు. నా దగ్గరికి వచ్చేలోపే మతిభ్రమణానికి ఇచ్చే మందులు వాడి, మొద్దుబారి, మరింత పరాయిగా తయారైన పిల్లలను చూశాను. ఆ ఒక్క అక్షరాన్ని ఎవరైనా విని ఉంటే వాళ్లకు ఆ మందులు తప్పేవి.

ఇప్పుడు మిమ్మల్ని ఒకటి అడుగుతాను. రాత్రంతా ప్రయాణం చేసి తెల్లవారి బస్సు దిగినప్పుడో, ఇంట్లో మనిషి పోయిన రోజు జనం మధ్య కూర్చున్నప్పుడో, జ్వరంలోనో, అంతా కలలా ఉన్నట్టు మీలో ఎవరికైనా అనిపించిందా? చేతులు ఎత్తండి. చూశారా, దాదాపు సగం మంది. పుస్తకాల్లోని లెక్క కూడా ఇంచుమించు ఇదే. పెద్దవాళ్లలో సుమారు సగం మందికి జీవితంలో ఒక్కసారైనా ఇది కలుగుతుంది. నిద్రలేమి, విపరీతమైన అలసట, హఠాత్తుగా వచ్చే భయం, దుఃఖం, పార్శ్వపు తలనొప్పి, గంజాయి, వీటిలో ఏదైనా దీన్ని తెప్పించగలదు. నిమిషాల్లోనో గంటల్లోనో పోతుంది. మనమూ మరిచిపోతాం. అదే పనిగా నెలలు, ఏళ్లు ఉండిపోయి జీవితాన్ని దెబ్బతీసే జబ్బుగా మారేది నూటికి సుమారు ఇద్దరిలో. అది మొదలయ్యే సగటు వయసు 16. పాతికేళ్లు దాటాక కొత్తగా మొదలవడం అరుదు. పదహారేళ్లంటే ఎవరు? మీ క్లాసులో కూర్చున్నవాళ్లే. అందుకే ఈ మాటలు డాక్టర్ల సభలో చెప్పడం కన్నా మీకు చెప్పడం ఎక్కువ అవసరం.

ఇద్దరు పిల్లల గురించి చెబుతాను. ఎవరో గుర్తుపట్టకుండా ఊళ్లు, వివరాలు మార్చాను, దయచేసి ఊహించే ప్రయత్నం చేయకండి.

మొదటివాడు ఎంపీసీ రెండో సంవత్సరం. పరకాల వైపు పల్లె. పత్తి వేసే కుటుంబం, హాస్టల్‌లో చదువు. తెల్లవారుజామున స్టడీ అవర్, రాత్రి పదకొండు దాకా స్టడీ అవర్. అది చాలదని దుప్పటి కింద ఫోన్ వెలుతురులో ఇంకో రెండు గంటలు. పడుకునేది నాలుగు గంటలు, అదీ టీ మీద టీ తాగి. ఒకరోజు రాత్రి లెక్కలు చేస్తుండగా తన చెయ్యి రాస్తూ పోవడం తనే పక్కన నిలబడి చూస్తున్నట్టు అనిపించింది. ట్యూబ్‌లైటు వెలుగు చదునుగా, బొమ్మ వేసినట్టుగా కనిపించింది. 'నాకు పిచ్చి పడుతోంది' అనుకున్నాడు. గుండె దడదడలాడింది, వేళ్లు తిమ్మిరెక్కాయి, ఊపిరి ఆడలేదు. పావుగంటలో దడ తగ్గింది. పరాయితనం మాత్రం పోలేదు.

తర్వాత ఏమి జరిగిందో వినండి, అసలు కథ అక్కడే ఉంది. మర్నాడు లేవగానే, ఉందా పోయిందా అని చూసుకున్నాడు. అద్దం ముందు నిలబడి తన ముఖం తనదిలాగే ఉందా అని చూశాడు. చెయ్యి గిల్లి చూశాడు. క్లాసులో ప్రతి పది నిమిషాలకు ఇప్పుడెలా ఉందని తనను తానే అడిగాడు. ఎవరైనా సరే, మీరైనా సరే, అద్దంలో ముఖాన్ని రెప్ప వేయకుండా రెండు మూడు నిమిషాలు చూస్తే వింతగానే కనిపిస్తుంది. వాడికి కనిపించింది, భయం పెరిగింది. భయం పెరిగితే పరాయితనం పెరుగుతుంది, పెరిగిందేమోనని మళ్లీ చూసుకుంటాడు. రాత్రి ఫోన్‌లో వెతికితే ఇరవై ఏళ్లుగా బాధపడుతున్నవాళ్ల కథలు దొరికాయి. ఇక నిద్ర పట్టలేదు. సంక్రాంతికి ఇంటికి వెళితే నాయనమ్మ దిష్టి తీసింది. పట్నం తీసుకువెళ్లి తలకు స్కానింగ్ చేయించారు, బాగానే ఉందన్నారు. బాగానే ఉంటే నాకెందుకు ఇలా ఉందని భయం రెట్టింపయింది.

రెండో అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం, ఆమె కూడా హాస్టలే. ఆమె తనంతట తాను ఎవరికీ ఏమీ చెప్పలేదు. వార్డెన్ తీసుకువచ్చింది. క్లాసులో కళ్లు తెరుచుకునే ఉంటాయి, పిలిస్తే పలకదు, పది పదిహేను నిమిషాల తర్వాత అప్పుడే నిద్ర లేచినట్టు చూస్తుంది. మూర్ఛ అనుకున్నారు. ఇంట్లోవాళ్లు గాలి సోకిందన్నారు. సోమరితనం అని ఒకరు అన్నారు.

నేను ఆ ఇద్దరినీ నోట్సు పుస్తకాలు తెమ్మన్నాను. అబ్బాయి పుస్తకంలో అన్నీ ఉన్నాయి. 'నేను నాలో లేను' అని వాడు చెప్పిన రోజుల్లో కూడా ప్రతి లెక్కా ఉంది, తేదీ ఉంది, మార్జిన్ గీత ఉంది. వాడికి ప్రతిదీ గుర్తుంది, రుచి లేకుండా గుర్తుంది. అమ్మాయి భౌతికశాస్త్రం పుస్తకం తెరిస్తే ఒకచోట 'వేగం మారే రేటును' అని ఉంది, అక్కడితో ఆగిపోయింది. పెన్ను ఆగినచోట ఇంకు చుక్క దిగి కింది పేజీకి అంటుకుంది. తర్వాత రెండు వేళ్ల ఖాళీ. ఆ కింద మొదలైంది ఇంకో పాఠం మధ్యలోంచి. అలాంటి ఖాళీలు ఆ పుస్తకంలో చాలా ఉన్నాయి. ఈ మధ్యలో ఏమి చెప్పారమ్మా అని అడిగితే, "క్లాసు జరిగిందా?" అని నన్నే అడిగింది.

చూశారా తేడా? అబ్బాయికి అనుభవం రంగు కోల్పోయింది, కాలం కోల్పోలేదు. అమ్మాయికి కాలమే పోయింది. కాలం పోవడం, జ్ఞాపకంలో ఖాళీలు పడటం కనిపించినప్పుడు మనం నిదానించాలి. అది అలసటతో వచ్చే మామూలు పరాయితనం కాదు.

అయితే ముందుగా మూర్ఛ కాదని చూసుకోవాలి. ఇందులో తొందరపడకూడదు. పిల్లల్లో వచ్చే ఒక రకం మూర్ఛలో చూపు కొన్ని క్షణాలు నిలిచిపోతుంది, రోజుకు ఎన్నోసార్లు వస్తుంది, వెంటనే ఆపిన మాట అందుకుంటారు. ఇంకో రకంలో ఒకటి రెండు నిమిషాలు ఉంటుంది, పెదవులు చప్పరించడం, చేతులతో బట్టలు నలపడం, తర్వాత కాసేపు తికమకపడటం ఉంటాయి. ఈ రకంలో కూడా లోకం వింతగా అనిపించడం ఉండవచ్చు. అందుకే ఇలాంటి పిల్లలకు ఈఈజీ, అంటే మెదడులోని విద్యుత్ తరంగాలను చూసే పరీక్ష, తీయిస్తాం. ఈఈజీ ఒక్కసారి బాగున్నంత మాత్రాన మూర్ఛ లేదని కొట్టిపారేయలేం. ఈ అమ్మాయి విషయంలో నాడీవైద్యుడు చూశారు, ఈఈజీ మామూలుగా ఉంది, వచ్చే తీరు కూడా మూర్ఛలా లేదు. ఎక్కువసేపు ఉంటోంది, నెమ్మదిగా పేరు పెట్టి పిలుస్తూ ఉంటే మెల్లగా తిరిగి వస్తోంది, పైగా ఎప్పుడు పడితే అప్పుడు రావడం లేదు.

ఎప్పుడు వస్తోంది? అది కనిపెట్టింది నేను కాదు, వార్డెన్. ఒక కాగితం మీద తేదీ, సమయం, ఆ సమయంలో గదిలో ఏమి జరుగుతోంది అని రాయమని ఆమెకు చెప్పాను. మూడు వారాలు ఓపికగా రాసింది. ఆమె రాసినది చదువుతుంటే ఒక విషయం బయటపడింది. మధ్యాహ్నం బయట చప్పుడు ఎక్కువైనప్పుడు అటెండరు వచ్చి క్లాసు తలుపు వేసి, లోపల గొళ్లెం పెట్టేవాడు. ఇనుప గొళ్లెం, గట్టిగా టక్కుమంటుంది. చాలాసార్లు ఆ పిల్ల వెళ్లిపోయేది దాని తర్వాతే. ఇంకోటి కూడా ఉంది. సెలవులకు ఇంటికి వెళ్లడానికి ముందు వారంలో ఎక్కువయ్యేది.

నేను ఆ అమ్మాయిని ఇంట్లో ఏమైందని అడగలేదు. ఇంటికి వెళ్లే ముందు రోజు నీకు ఒంట్లో ఎలా ఉంటుందని అడిగాను. రెండు మూడు సార్లు వచ్చాక తనే చెప్పింది. తండ్రి తాగి వచ్చేవాడు. లోపలికి వచ్చి గొళ్లెం పెట్టేవాడు. తర్వాత తల్లిని కొట్టేవాడు, అడ్డం వస్తే ఈ పిల్లనూ కొట్టేవాడు. గొళ్లెం చప్పుడు వినగానే తమ్ముడి చెవులు మూసి గోడ వైపు తిరిగి కూర్చునేది. "మొదట్లో భయం వేసేది. తర్వాత తర్వాత నేను పైన దూలం దగ్గర ఉండి చూస్తున్నట్టు ఉండేది. అప్పుడు నొప్పి తెలిసేది కాదు" అని చెప్పింది. ఏడేళ్ల వయసు నుంచి ఇదే.

ఇప్పుడు ఇది ఎందుకు జరుగుతుందో చెబుతాను. ప్రాణం మీదికి వచ్చినప్పుడు మనసు ఇలా విడిపోవడం కొత్త సంగతి కాదు. స్విట్జర్లాండ్‌లో ఆల్బర్ట్ హైమ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఉండేవాడు. ఆయనే ఒకసారి కొండ మీద నుంచి పడి బతికాడు. అలా పడి బతికిన ఇతరుల అనుభవాలు కూడా పోగుచేసి 1892లో ప్రచురించాడు. పడుతున్నంతసేపు భయం లేదు, కాలం నెమ్మదించింది, తమను తాము బయటి నుంచి చూస్తున్నట్టు ఉందని చాలామంది చెప్పారు. మన హైదరాబాదు రోడ్డు మీద ప్రమాదం జరిగి బయటపడ్డవాళ్లను అడగండి, ఇదే చెబుతారు. లారీ మీదికి వస్తుంటే సినిమా చూస్తున్నట్టు ఉందంటారు. పారిపోయే దారి లేదు, ఎదిరించే బలం లేదు. అప్పుడు మెదడు ముందు భాగం, భయాన్ని పుట్టించే లోపలి భాగాన్ని గట్టిగా అణిచివేస్తుందని ఇప్పుడు చాలామంది పరిశోధకుల అభిప్రాయం. భయం అణిగితే దానితోపాటు నొప్పి, దుఃఖం, ప్రేమ, 'ఇది నాకే జరుగుతోంది' అన్న ఎరుక కూడా అణిగిపోతాయి. డీపర్సనలైజేషన్ జబ్బు ఉన్నవారికి భయం గొలిపే బొమ్మలు చూపిస్తూ అరచేతి చెమటను కొలిచిన పరిశోధనల్లో, మామూలు మనుషుల కన్నా వారిలో స్పందన తక్కువగా కనిపించింది. అంటే ఆ పిల్లలు ఏమీ అనిపించడం లేదు అన్నప్పుడు నటించడం లేదు, నిజంగానే ఒళ్లు స్పందించడం లేదు.

మీలో చాలామంది వ్యవసాయం ఉన్న ఇళ్ల నుంచి వచ్చినవారు. మోటారు స్టార్టరు తెలుసు కదా? కరెంటు హెచ్చుతగ్గులైతే ట్రిప్ అవుతుంది, మోటారు కాలిపోకుండా. అది స్టార్టరు చెయ్యవలసిన పనే. ఎన్నో ఏళ్లు మళ్లీ మళ్లీ ట్రిప్ అయిన స్టార్టరు తర్వాత చిన్న తేడాకు కూడా పడిపోతుంది. ఆ అమ్మాయి మనసు ఏడేళ్లప్పుడు తనను కాపాడుకోవడానికి నేర్చుకున్న పని, పదహారేళ్లప్పుడు హనుమకొండలో ఏ ప్రమాదమూ లేని క్లాసులో, అటెండరు గొళ్లెం పెడితే చేస్తోంది.

ఒక ప్రమాదం జరిగిన గంటలోనో రోజులోనో ఇలా అనిపించడాన్ని చూసి కంగారు పడకండి. ప్రమాద సమయంలో కలగడం కన్నా, వారాల తర్వాత కూడా కొనసాగడం ఎక్కువ ఆలోచించవలసిన విషయం. నెల దాటాక కూడా ఉంటే, దానితోపాటు పీడకలలు, ఉలికిపాట్లు, ఆ చోటుకు వెళ్లలేకపోవడం ఉంటే అది పీటీఎస్‌డీ కావచ్చు. పీటీఎస్‌డీ అంటే గాయం తర్వాత మిగిలిపోయే ఒత్తిడి జబ్బు. అందులో డీపర్సనలైజేషన్, డీరియలైజేషన్ ప్రధానంగా ఉండే రకాన్ని అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013 నుంచి విడిగా గుర్తిస్తోంది. ఎందుకు ముఖ్యమంటే, ఈ రకం పిల్లలు ఏడవరు, అరవరు, ఎవరినీ ఇబ్బంది పెట్టరు. క్లాసులో అందరికన్నా బుద్ధిగా కనిపిస్తారు. అందుకే ఎవరి కంటా పడరు.

ఇంకో మాట చెప్పకపోతే తప్పవుతుంది. గాయం అనగానే పెద్ద సంఘటనే ఉండాలనుకుంటాం. పరాయితనం ఏళ్ల తరబడి ఉండిపోయిన పెద్దవాళ్ల మీద జరిగిన పరిశోధనల్లో చిన్ననాటి మాటల హింసకు గట్టి సంబంధం కనిపించింది. 'నువ్వు పుట్టకపోయినా బాగుండేది' అని రోజూ వినడం, పలకరించే మనిషి లేకపోవడం, అందరి ముందు అవమానపడటం. ఒంటి మీద మచ్చ ఉండదు. అలాగని ప్రతి పరాయితనం వెనకా తప్పకుండా దాచిన గాయం ఉంటుందని వెతకడం కూడా అంతే ప్రమాదం. ఆ ఎంపీసీ అబ్బాయి వెనక ఏమీ లేదు. ప్రేమగా పెంచిన తల్లిదండ్రులు, నిద్ర లేని రాత్రులు, ఒక భయం. నేను వాడిని 'చిన్నప్పుడు నీకేదో జరిగి ఉంటుంది, గుర్తు తెచ్చుకో' అని తవ్వి ఉంటే, వాడికి లేని గాయాన్ని నేనే తయారుచేసేదాన్ని.

మరి మీరు ఎలా గుర్తుపడతారు? నిర్ధారణ మీ పని కాదు, అది మాకు వదిలేయండి. మీరు మూడు సంగతులు కనిపెడితే చాలు. మొదటిది, జ్ఞాపకం. ఆ సమయంలో జరిగింది గుర్తుందా, లేదా? రెండోది, ఏ సందర్భంలో వస్తోంది? నిద్ర తప్పిన రోజుల్లో, పరీక్షల ముందు, తన గురించి తాను ఆలోచిస్తున్నప్పుడు ఎక్కువై, ఆటలోనో కబుర్లలోనో తగ్గుతుంటే అది ఒక దారి. ఒక చప్పుడు, ఒక వాసన, ఒక మనిషి గొంతు, ఇంటికి వెళ్లే రోజు, ఇలా ఒకే గుర్తు తర్వాత వస్తుంటే అది వేరే దారి. మూడోది, దానితోపాటు ఇంకేమి ఉంది? తనను తాను కోసుకోవడం, ఎవరైనా వెనక నుంచి ముట్టుకుంటే బిగుసుకుపోవడం, ఒంటి మీద దెబ్బ తగిలినా తెలియకపోవడం, తాను చేసిన పనే తాను చేసినట్టు గుర్తు లేకపోవడం. వీటిలో ఏది కనిపించినా ఆలస్యం చేయకండి.

వెనక నుంచి ఒక మేడమ్ అడుగుతున్నారు, మరి పూనకం సంగతేమిటని. మంచి ప్రశ్న. మేడారం జాతరలో, బోనాల్లో శివసత్తులకు పూనకం రావడం మనందరం చూస్తూనే ఉన్నాం. అదీ ఎరుక మారడమే. కానీ దానికి ఒక చోటు ఉంది, ఒక సమయం ఉంది, చుట్టూ దాన్ని గౌరవించే జనం ఉన్నారు, వచ్చినట్టే పోతుంది, ఆ మనిషి మర్నాడు తన పని తాను చేసుకుంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల పట్టిక కూడా ఆచారంలో భాగంగా వచ్చేదాన్ని జబ్బుగా లెక్కించవద్దనే చెబుతుంది. ఆచారానికి సంబంధం లేకుండా, కోరకుండా, అదుపు లేకుండా మళ్లీ మళ్లీ వచ్చి, మనిషిని బాధపెడుతుంటే అప్పుడు చూడాలి. ఆ అమ్మాయికి గాలి సోకిందన్న అమ్మమ్మను నేను తప్పుపట్టలేదు. పిల్ల వేరే ఎక్కడికో వెళ్లిపోతోందని ఇంట్లో అందరికన్నా ముందు గమనించింది ఆమే.

సరే, ఎదురుగా జరుగుతున్నప్పుడు ఏమి చేయాలి? చెంప మీద కొట్టడం, పట్టుకుని కుదపడం, ముక్కు దగ్గర ఉల్లిపాయ పెట్టడం, చేతిలో ఇనుప తాళాల గుత్తి పెట్టడం, ఇవేవీ వద్దు. ఎందుకు చెబుతున్నానంటే, కొట్టడంతో మొదలైన జబ్బును కొట్టి తగ్గించలేం. ఎదురుగా, కాస్త దూరంగా కూర్చోండి. పేరు పెట్టి పిలవండి. మీరెవరో చెప్పండి. 'ఇది హనుమకొండ, మన కాలేజీ, ఇవాళ మంగళవారం, ఇక్కడ నేనున్నాను' అనండి. రెండు పాదాలూ నేలకు గట్టిగా ఆనించమనండి. చల్లటి నీళ్ల గ్లాసు చేతికి ఇవ్వండి. కళ్ల ముందు కనిపించే ఐదు వస్తువుల పేర్లు చెప్పమనండి. అడగకుండా ముట్టుకోకండి. కళ్లు మూసుకుని ధ్యానం చేయమని మాత్రం చెప్పకండి, ఇలాంటి పిల్లలు కళ్లు మూసుకుంటే ఇంకా దూరం వెళ్లిపోవచ్చు. తిరిగి వచ్చాక వెంటనే 'ఏమైంది, చెప్పు, చెప్పు' అని అడగకండి. పదిమంది ముందు అసలే వద్దు.

అబ్బాయికి నేను మందు రాయలేదు. నిజం చెప్పాలంటే, డీపర్సనలైజేషన్‌కే ప్రత్యేకంగా పనిచేస్తుందని రుజువైన మందు ఇప్పటికీ లేదు. దానితోపాటు పానిక్, డిప్రెషన్ గట్టిగా ఉంటే వాటికి మందులు ఇస్తాం. వాడికి కావలసింది ముందు వివరణ. ఇది పిచ్చికి మొదలు కాదు, భయం తీవ్రమైనప్పుడు మెదడు చేసే పని అని బొమ్మ వేసి చూపించాను. ఏడు గంటల నిద్ర, మధ్యాహ్నం తర్వాత టీ లేదు. అద్దం ముందు నిలబడటం, గిల్లుకోవడం, ఫోన్‌లో వెతకడం ఒక్కొక్కటే మానిపించాం. 'ఇప్పుడు ఉందా?' అన్న ప్రశ్న వచ్చినప్పుడల్లా జవాబు వెతక్కుండా చేతిలో ఉన్న పనికి తిరిగి రావడం నేర్పాం. సాయంత్రం వాలీబాల్ ఆడమన్నాను. మొదటి వారం ఏ మార్పూ లేదు, వాళ్ల నాన్న కోపంగా ఫోన్ చేశారు. తర్వాత, 'నిన్న ఆటలో కాసేపు దాని సంగతే మరిచిపోయాను' అన్నాడు. అక్కడి నుంచి ఆ మరిచిపోయే సమయాలు పెరుగుతూ వచ్చాయి. అది ఏ రోజు పోయిందో తెలియదు. దాని గురించి అడగడం మానేశాడు, అంతే.

అమ్మాయి వైద్యం వేరే వరసలో నడుస్తుంది. మొట్టమొదట భద్రత. ఇంట్లో దెబ్బలు పడుతూనే ఉంటే, నేను ఇక్కడ కూర్చుని ఆమెను 'నీలోకి తిరిగి రా' అనడం అన్యాయం. తిరిగి వస్తే నొప్పిలోకే కదా రావాలి? అందుకే ముందు తల్లితో మాట్లాడాం, 181 మహిళా హెల్ప్‌లైన్ ద్వారా, హింసకు గురైన మహిళలకు సాయం చేసే సఖి కేంద్రానికి పంపాం, పిల్లల విషయం పిల్లల హెల్ప్‌లైన్ 1098కి తెలియజేశాం. సెలవులకు ఆ పిల్లా తమ్ముడూ మేనమామ ఇంటికి వెళ్లే ఏర్పాటు జరిగింది. ఆ తర్వాత నెలల తరబడి, దూరంగా వెళ్లిపోతున్నట్టు అనిపించిన మొదటి క్షణాన్ని పట్టుకోవడం నేర్పాం. ఆమెకు ఆ గుర్తు చెవుల్లో వస్తుంది, చప్పుళ్లు మెత్తబడతాయి. అప్పుడు పాదాలు నేలకు నొక్కి, బెంచీ అంచు పట్టుకుంటుంది. కాలేజీవాళ్లు ఆ క్లాసు తలుపుకు గొళ్లెం పెట్టడం మానేశారు. ఇది చిన్న పనే, ఖర్చు లేని పని. అయితే ఎల్లకాలం గొళ్లేల నుంచి తప్పించుకోలేదు కనుక, తర్వాత గొళ్లేన్ని తానే వేసి తానే తీయడం కూడా వైద్యంలో భాగమైంది. ఆ రాత్రుల జ్ఞాపకాల దగ్గరికి మేము చివరికి వెళ్లాం, కొంచెం కొంచెంగా, ఆమె సరేనన్నప్పుడే. ఈ వరస తలకిందులైతే, అంటే మొదటి రోజే అంతా చెప్పించాలని చూస్తే, పిల్ల మళ్లీ దూలం దగ్గరికే వెళ్లిపోతుంది. నిద్రమాత్రలతో మత్తులో ఉంచడం కూడా ఇలాంటివారికి మేలు చేయదు.

ఆమెకు పూర్తిగా తగ్గిందా అని ముందు వరసలో సార్ అడుగుతున్నారు. తగ్గలేదండీ. ఇప్పటికీ అప్పుడప్పుడు వస్తుంది, కానీ పదిహేను నిమిషాలు కాదు, నిమిషంలో తిరిగి వస్తోంది, ఎందుకు వచ్చిందో తనే చెప్పగలుగుతోంది. ఏళ్ల తరబడి జరిగినదానికి వైద్యం కూడా ఏళ్లు పట్టవచ్చు. నోట్సులో ఖాళీ పడితే పక్క అమ్మాయి పుస్తకం తీసుకుని నింపుకుంటోంది.

ఇంకొక ప్రశ్న చీటీ మీద వచ్చింది. 'విద్యార్థి నాకు నమ్మకంగా చెప్పి, ఎవరికీ చెప్పవద్దని ఒట్టు వేయించుకుంటే?' అని. ఒట్టు వేయకండి. 'నీకు ప్రమాదం ఉందని తెలిస్తే సాయం చేయగలవారికి చెప్పవలసి ఉంటుంది, నీకు ముందు చెప్పే చెబుతాను' అనండి. లైంగిక హింస అయితే, పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల విషయంలో 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తెలియజేయడం మీ ఇష్టం కాదు, బాధ్యత. ఏమి జరిగిందో మళ్లీ మళ్లీ అడిగి విచారణ చేయడం మీ పని కాదు, పిల్ల చెప్పిన మాటలను చెప్పినట్టుగా తేదీ వేసి రాసి పెట్టండి. ఎవరిని అడగాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, ఉచితం, తెలుగులో మాట్లాడతారు, రాత్రి కూడా ఉంటారు. విద్యార్థే చేయనక్కరలేదు, వార్డెన్‌గా మీరు చేసి అడగవచ్చు. ఆ వార్డెన్ రాసినట్టు, తేదీ, సమయం, గదిలో ఏమి జరుగుతోంది అన్న మూడు గడుల కాగితం ఒకటి బయట బల్ల మీద పెట్టించాను. వెళ్లేటప్పుడు తలా ఒకటి తీసుకోండి.